రొదను ఎక్కడ కోయాలి?

ఈసీజీ తీసేటప్పుడు రోగి చేతులు బిగబట్టుకుంటే చాలు, కాగితం మీద గీత సన్నగా వణుకుతుంది. ఆ వణుకు గుండెది కాదు, కండరాలది. దాన్ని తీసెయ్యాలంటే ఎవరికైనా ముందు తట్టే ఉపాయం సగటు: ప్రతి విలువ స్థానంలో ఇరుగుపొరుగు విలువల సగటు పెట్టడం. వణుకు తగ్గుతుంది నిజమే. కానీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ నిటారుగా లేచే శిఖరం కూడా దాంతోపాటే అరిగిపోయి పొట్టిదవుతుంది. డాక్టరుకు కావలసింది ఆ శిఖరమే కదా!

వణుకును తీసేస్తూనే శిఖరాన్ని నిలబెట్టే దారిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గణాంకవేత్తలు డేవిడ్ డోనోహో, ఇయాన్ జాన్‌స్టన్ 1994లో 'బయోమెట్రికా' పత్రికలో వివరించారు. దాని పేరు వేవ్‌లెట్ ష్రింకేజ్. చేసే పని మూడు మెట్లే: సంకేతాన్ని వేవ్‌లెట్ గుణకాలుగా విడగొట్టడం, చిన్న గుణకాలను తీసెయ్యడం, మిగిలిన వాటితో సంకేతాన్ని తిరిగి కట్టడం. అసలు కష్టమంతా 'చిన్న' అంటే ఎంత అన్న ప్రశ్నలో ఉంది.

ఎనిమిదే విలువలతో ఒక లెక్క చేసి చూద్దాం. అసలు సంకేతం మొదట 20 దగ్గర నిలకడగా ఉండి, మధ్యలో ఒక్కసారిగా 32కి ఎగిరింది అనుకోండి. రొద కలిసిన తర్వాత మన చేతికి వచ్చిన విలువలు ఇవి: 20, 21, 19, 20, 21, 32, 33, 32.

వేవ్‌లెట్లలో అన్నిటికన్నా సులువైనది 1910లో హంగేరీ గణితవేత్త ఆల్ఫ్రెడ్ హార్ ప్రచురించినది. దానితో చేసేదల్లా విలువలను జతలుగా తీసుకుని, ప్రతి జతకూ మొత్తం ఒకటి, తేడా ఒకటి కట్టి, రెండింటినీ √2తో, అంటే 1.414తో భాగించడం. అలా భాగిస్తే రొద పరిమాణం గుణకాల్లోనూ మారకుండా ఉంటుంది. మన జతల తేడాలు −1, −1, −11, 1. భాగించాక వచ్చే గుణకాలు −0.71, −0.71, −7.78, 0.71. ఎగుడు మొత్తం ఒక్క గుణకంలోకి వచ్చి చేరింది, రొద మాత్రం నాలుగింటిలోనూ పలచగా పరుచుకుంది. పద్ధతి నిలబడింది ఈ తేడా మీదే.

ఇప్పుడు గీత గియ్యాలి. డోనోహో, జాన్‌స్టన్ ఇచ్చిన సార్వత్రిక హద్దు సూత్రం ఇది: σ√(2 ln n). ఇక్కడ n విలువల సంఖ్య, σ రొద పరిమాణం. శుద్ధ రొద విలువలు n తీసుకుంటే, వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇంచుమించు ఈ హద్దు దాకా వెళ్లగలదు. దాన్నీ దాటిందంటే అది రొద కాదనుకోవచ్చు. విలువలు పెరిగేకొద్దీ హద్దు పెరుగుతుంది, కానీ చాలా నిదానంగా: 8 విలువలకు σకి 2.04 రెట్లు, 1024 విలువలకు 3.72 రెట్లు.

మరి σ ఎంతో మనకెవరు చెబుతారు? గుణకాల నుంచే రాబట్టాలి. మామూలు అలవాటు కొద్దీ నాలుగు గుణకాలనూ వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే 3.94 వస్తుంది. దాన్ని 2.04తో గుణిస్తే హద్దు 8.03. ఎగుడు ఉన్న గుణకం 7.78, అంటే గీతకు కిందే ఉంది! మనం కాపాడాలనుకున్న దాన్నే రొదగా లెక్కగట్టి చెరిపేస్తాం. ఎగుడే σ లెక్కను ఉబ్బించి, తన మెడకు తానే ఉరి బిగించుకుందన్నమాట.

అందుకే సగటు వదిలేసి మధ్యస్థాన్ని పట్టుకుంటారు. గుర్తులు తీసేసి గుణకాలను వరసలో పెడితే 0.71, 0.71, 0.71, 7.78. మధ్య విలువ 0.71. చివరిది 7.78 అయినా 700 అయినా ఇది మారదు. దీన్ని 0.6745తో భాగిస్తే σ 1.05 వస్తుంది. (సాధారణ రొదలో గుర్తు తీసిన విలువల మధ్యస్థం σకి 0.6745 వంతు ఉంటుంది కాబట్టి ఆ భాగహారం.) హద్దు ఇప్పుడు 2.14. మూడు రొద గుణకాలూ సున్నా అవుతాయి, 7.78 క్షేమంగా మిగులుతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చే మెట్టు ఈ మధ్యస్థమే.

హద్దు దాటిన గుణకాన్ని ఏం చెయ్యాలన్న దగ్గర దారి రెండుగా చీలుతుంది. హార్డ్ థ్రెషోల్డ్ దాన్ని ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు ఉంచుతుంది. తిరిగి కడితే ఆ జత 21, 32గానే వస్తుంది. సాఫ్ట్ థ్రెషోల్డ్ దాటిన గుణకం నుంచి కూడా హద్దంత కోసేస్తుంది: 7.78లో 2.14 పోగా 5.64. అప్పుడు జత 22.5, 30.5 అవుతుంది. 11 ఉన్న ఎగుడు 8కి కుంగింది. ఈసీజీలో ఇదే జరిగితే శిఖరం ఎత్తు తగ్గుతుంది.

అలాగైతే సాఫ్ట్ ఎందుకు? హార్డ్‌కూ ఒక జబ్బు ఉంది. 2.13 ఉన్న గుణకం సున్నా అవుతుంది, 2.15 ఉన్నది పూర్తిగా మిగులుతుంది. కొలతలో వెంట్రుకవాసి తేడా వస్తే ఫలితం తలకిందులవుతుంది. రొదలో ఎక్కడో ఒక గుణకం హద్దు దాటితే, శుభ్రమైన గీత మీద అది ఒంటరి ముల్లులా పొడుచుకొస్తుంది. సాఫ్ట్‌లో హద్దు దగ్గర అలాంటి గెంతు ఉండదు, అందుకే గీత నున్నగా వస్తుంది. శిఖరం ఎత్తును కొలవాలంటే నేను హార్డ్ వైపే మొగ్గుతాను. మొత్తం ఆకారం కంటికి స్పష్టంగా కనబడితే చాలనుకుంటే సాఫ్ట్ మేలు.

సార్వత్రిక హద్దు కూడా కొంచెం కఠినమైనదే. ఒక్క రొద గుణకాన్నీ లోపలికి రానివ్వకూడదన్న పట్టుదలతో, చిన్నచిన్న నిజమైన వంపులను కూడా తుడిచేస్తుంది. అందుకే ఆ ఇద్దరే 1995లో మరో పద్ధతి చెప్పారు. చార్లెస్ స్టైన్ సూత్రం ఆధారంగా, ఏ హద్దు పెడితే ఎంత పొరపాటు రావచ్చో అసలు సంకేతం తెలియకుండానే అంచనా వేసి, ఆ అంచనా అన్నిటికన్నా తక్కువగా ఉన్న హద్దును ఒక్కో స్థాయికి విడిగా ఎంచుకోవడం. గుణకాల్లో అసలు సమాచారం మరీ అరుదుగా ఉన్న స్థాయిల్లో ఆ అంచనా నమ్మదగినది కాదు, అక్కడ మళ్లీ సార్వత్రిక హద్దుకే వెళతారు.

ఈ లెక్కంతా రొద అన్ని స్థాయిల్లోనూ ఒకే పరిమాణంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉందన్న నమ్మకం మీద నడుస్తుంది. కరెంటు లైను నుంచి వచ్చే 50 హెర్ట్‌జ్ హోరు అలాంటిది కాదు. అది క్రమంగా ఊగే అల కాబట్టి కొన్ని స్థాయిల్లోనే గుమికూడి, హద్దు దాటి కూర్చుంటుంది. దాన్ని ముందే ఆ ఒక్క పౌనఃపున్యాన్ని ఆపే ఫిల్టర్‌తో తీసెయ్యాలి. రొద స్థాయికో తీరుగా ఉంటే σను కూడా స్థాయికొకటిగా లెక్కగట్టాలి.

హద్దు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి శుభ్రమైన గీతను చూసి లాభం లేదు, అది ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. అసలు కొలత నుంచి దాన్ని తీసెయ్యగా మిగిలినదాన్ని విడిగా గీసి చూడాలి. అందులో ఏ ఆకారమూ లేకుండా గజిబిజిగా ఉంటే హద్దు అతిగా కొయ్యలేదన్నట్టే. గుండె చప్పుడు వరసలోనే అక్కడా చిన్న శిఖరాలు లేస్తుంటే, హద్దు రొదతోపాటు గుండెనూ కోసిందని అర్థం. ఎవరైనా మీకు శుభ్రం చేసిన సంకేతం చూపిస్తే, తీసేసిన భాగాన్ని కూడా చూపించమని అడగండి.