వరుస తప్పిన వైరు

మొన్న రాత్రి తొమ్మిది దాటాక కుప్పం దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి ఫోటో పంపింది. పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతోంది. బ్రెడ్‌బోర్డు మీద ఒక ఐసీ, నాలుగైదు చిన్న భాగాలు, ఓ బటన్, పక్కన తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ఫోటో కింద ఒక్కటే మాట: "సరిగా పని చేయడం లేదు సార్." ఏం పని చేయాలని కట్టిందో రాయలేదు.

మదనపల్లెలో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన నాకు ఇలాంటి ఫోటోలు వారానికి రెండు మూడు వస్తాయి. ఇక్కడి నుంచి కుప్పం వెళ్లాలంటే పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటాలి, అందుకని బోర్డుకు బదులు దాని బొమ్మ వస్తుంది. ఈ ప్రాంతపు పిల్లల చేతుల్లో వస్తువులకు కొదవ లేదు. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. వాళ్ల సైన్సు వ్యాన్లు బడులకు వెళ్తాయి. రైలెక్కితే బెంగళూరు, ఎస్.పి. రోడ్డులో దొరకని ఐసీ లేదు. కానీ "ఇది ఏం చేయాలి?" అన్న వాక్యం ఫోటోతో పాటు రావడం అరుదు. కట్టినవాళ్లకు అది ఎంత స్పష్టమంటే, చెప్పాలన్న ఊహే రాదు.

ఉద్దేశం తెలియకుండా తప్పు పట్టుకోవచ్చా? కొంతవరకు పట్టుకోవచ్చు. ఎంతవరకో ఈ ఒక్క ఫోటోతోనే చెబుతాను.

ముందు బోర్డు సంగతి. తెల్ల ప్లాస్టిక్ బోర్డులో నడిమధ్య ఒక కాలువ ఉంటుంది. దానికి ఎడమ పక్క ఒక్కో వరుసలో ఐదు రంధ్రాలు, కుడి పక్క ఐదు. ఒక పక్క ఐదింటినీ కింద ఒకే లోహపు పట్టీ కలుపుతుంది. మన ఇళ్లలో వరుస కలిస్తే చుట్టాలైనట్టు, ఒకే ఐదు రంధ్రాల్లో దిగిన కాళ్లన్నీ విద్యుత్తు లెక్కలో ఒక్కటే. అయితే కాలువ అవతలి ఐదు, ఇవతలి ఐదు ఒకే అంకె వేసుకున్నా చుట్టాలు కావు. పదకొండో వరుస ఎడమ వేరు, పదకొండో వరుస కుడి వేరు.

అందుకే ఫోటో చేతికి రాగానే నేను సర్క్యూట్ గురించి ఆలోచించను. కాగితం తీసుకుని, ఏ వరుసలో ఎవరెవరు దిగారో రాసుకుంటాను, అంతే. ఇది దేని సర్క్యూటో ముందే ఊహించుకుంటే కన్ను లేనిదాన్ని కూడా చూస్తుంది. పుస్తకంలో ఉన్న వైరు బోర్డు మీదా ఉన్నట్టే కనిపిస్తుంది.

వరుసలు లెక్కపెట్టేటప్పుడు బోర్డు అంచు నుంచి మొదలుపెడితే పొరపాటు ఖాయం. రంధ్రానికీ రంధ్రానికీ దూరం 2.54 మిల్లీమీటర్లే. ఫోన్ ఏటవాలుగా పట్టుకుంటే ఎత్తుగా ఉన్నదంతా పక్కకు జరిగినట్టు పడుతుంది. నలభై ఐదు డిగ్రీల వాలులో తీసిన ఫోటోలో, బోర్డు మీద సెంటీమీటరు ఎత్తున వంపు తిరిగిన వైరు సెంటీమీటరు దూరం జరిగి కనిపిస్తుంది. అంటే దాదాపు నాలుగు వరుసలు. కాబట్టి వైరు మధ్య భాగాన్ని నమ్మకూడదు, అది రంధ్రంలోకి దిగే చోటే చూడాలి. కొలబద్దగా ఐసీ కాళ్లు మేలు. అవి వరుసకు ఒకటి చొప్పున బోర్డును అంటిపెట్టుకుని ఉంటాయి.

ఆమె బోర్డు మీది ఐసీ ఎనిమిది కాళ్లది, పైన 555 అన్న అచ్చు మసకగా కనిపిస్తోంది. దీన్ని హాన్స్ కామెన్జిండ్ 1971లో రూపొందించాడు, మరుసటి ఏడు సిగ్నెటిక్స్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. యాభై దాటినా ఇంకా పిల్లలకు మొదట చేతికొచ్చే ఐసీల్లో అదొకటి. దాని గాటు బోర్డు పైవైపుకు ఉంది. కనుక ఎడమ పక్క పదో వరుస నుంచి కిందికి 1, 2, 3, 4 పిన్నులు. కుడి పక్క కింది నుంచి పైకి 5, 6, 7, 8. అంటే పదకొండో వరుసలో ఎడమన 2, కుడిన 7 ఎదురెదురుగా ఉన్నాయి. పన్నెండో వరుసలో 3, 6.

ఇక మొదటి వడపోత. సర్క్యూట్ దేనికోసమైనా సరే, కొన్ని తప్పులు తప్పులే. ప్లస్, మైనస్ ఎక్కడైనా నేరుగా కలిశాయా? ఒకే భాగపు రెండు కాళ్లు ఒకే ఐదు రంధ్రాల్లో పడ్డాయా? పడితే అది ఉన్నా లేనట్టే. ఎల్‌ఈడీకి శ్రేణిలో రెసిస్టర్ ఉందా? ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒంటి మీది చార మైనస్ వైపే ఉందా? వీటికి ఉద్దేశంతో పని లేదు. ఆమె బోర్డు అన్నింట్లోనూ నెగ్గింది. 8కి ప్లస్, 1కి మైనస్, 4కి ప్లస్ అందుతున్నాయి. 3 నుంచి 330 ఓముల రెసిస్టర్, ఎల్‌ఈడీ, అక్కడి నుంచి మైనస్. చక్కగా కట్టింది.

రెండో వడపోత కష్టమైనది. ఇక్కడ ఉద్దేశం కావాలి, అది చెప్పలేదు, కాబట్టి భాగాలనే అడగాలి. నా కాగితం మీద మిగిలిన లెక్క ఇది. 2వ పిన్ను వరుసలో 10 కిలో ఓముల రెసిస్టర్ ఒక కాలు, రెండో కాలు ప్లస్‌లో. అదే వరుస నుంచి బటన్ ద్వారా మైనస్‌కు దారి. 6వ పిన్ను వరుసలో 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని మైనస్ కాలు మైనస్ పట్టీలో. 7వ పిన్ను వరుసలో 100 కిలో ఓముల రెసిస్టర్, రెండో కాలు ప్లస్‌లో. చివరగా ఒక పసుపు వైరు, 6వ పిన్ను వరుస నుంచి ఐసీ మీదుగా వంపు తిరిగి 2వ పిన్ను వరుసలో దిగింది.

ఈ పట్టికలో ఒకరు పని లేకుండా కూర్చున్నారు. 7వ పిన్ను వరుసలో 100 కిలో ఓముల రెసిస్టర్ తప్ప మరో కాలు లేదు. 7వ పిన్ను పని కెపాసిటర్‌లోని ఛార్జిని మైనస్‌లోకి వదిలేయడం. ఇక్కడ కెపాసిటర్ ఆ వరుసలోకి రానే లేదు. ఆ రెసిస్టర్‌ను పీకేసినా ఎల్‌ఈడీ నడత మారదు. దారి చూపేది ఇలాంటి భాగమే. బోర్డు కట్టే మనిషి ఊరికే ఒక రెసిస్టర్ గుచ్చదు.

ఇప్పుడు కొద్ది మార్పుతో దానికి పని కల్పించే దారులు వెతకాలి. 555ను ఎక్కువగా రెండు రకాలుగా కడతారు. 2, 6 పిన్నులు కలిపి, 6కీ 7కీ మధ్య రెసిస్టర్ పెడితే ఎల్‌ఈడీ ఆగకుండా మినుకుతుంది. 6, 7 కలిపి, 2కు బటన్ ఇస్తే నొక్కినప్పుడల్లా ఒకసారి వెలిగి, నిర్ణీత సమయానికి ఆరుతుంది. ఆమె మినుకుడు దీపం కట్టాలనుకుందంటే 2వ పిన్ను దగ్గరి 10 కిలో ఓముల రెసిస్టర్ ప్లస్ కాలును 7వ పిన్ను వరుసకు మార్చాలి, అయినా బటన్ ఎందుకో చెప్పలేం. నొక్కుడు టైమర్ అనుకుంటే మాత్రం పసుపు వైరు ఒక్క కొస మారిస్తే చాలు, ప్రతి భాగానికీ పని దొరుకుతుంది. ఆ కొస 2 దగ్గర కాక 7 దగ్గర దిగాలి. 2, 7 రెండూ పదకొండో వరుసలోనే ఉన్నాయి, కాలువకు చెరోపక్క! పదకొండు అన్న అంకె చూసి, కాలువ దాటి ఎడమ పక్క గుచ్చేసింది.

అయినా ఇది ఊహే. దీన్ని పరీక్షించే మార్గం, ఉన్న తప్పుతో సర్క్యూట్ ఎలా ప్రవర్తించాలో ముందే లెక్కగట్టి చెప్పడం. పసుపు వైరు వల్ల బటన్ ఇప్పుడు నేరుగా కెపాసిటర్‌ను మైనస్‌కు కలుపుతోంది. నొక్కితే అది ఖాళీ అవుతుంది, ఎల్‌ఈడీ వెలుగుతుంది. వదిలితే కెపాసిటర్ 10 కిలో ఓముల గుండా నిండుతుంది. సరఫరాలో మూడింట రెండు వంతులు చేరగానే ఎల్‌ఈడీ ఆరుతుంది. ఆ సమయం సూత్రం `T = 1.1 × R × C`. పది వేల ఓములు, 100 మైక్రోఫారడ్‌లు వేస్తే 1.1 సెకను. వైరు సరైన చోట ఉంటే లెక్కలోకి వచ్చేది 100 కిలో ఓములు, సమయం 11 సెకన్లు.

గమనించారా, తప్పుగా కట్టినా ఈ బోర్డు ఒక టైమరే! "నొక్కితే సెకను సేపు వెలిగే దీపం" అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేను దాన్ని సరైనదని సంతకం పెట్టేవాణ్ణి. ఆ పనిలేని రెసిస్టర్ ఒక్కటే అసలు సంగతి బయటపెట్టింది.

ఆ సాక్ష్యానికీ హద్దులున్నాయి. నిన్నటి ప్రయోగంలోని రెసిస్టర్‌ను తీయడం మరిచిపోయి ఉండొచ్చు. ప్లస్, మైనస్ పట్టీల మధ్య 104 అని అచ్చు ఉన్న చిన్న కెపాసిటర్ కనిపిస్తే, అదీ ఊరికే ఉన్నట్టే ఉంటుంది కానీ సరఫరాలోని కుదుపులను అదే మింగుతుంది. ఇక విలువల తప్పు ఫోటోకు అసలు అందదు. 100 కిలో ఓములు పెట్టాల్సిన చోట ఆమె రెండోది కూడా 10 కిలో ఓములే పెట్టి ఉంటే, వైరు సరిగానే ఉంటే, బోర్డు నిర్దోషిగా కనిపించేది. పదకొండు సెకన్లు కావాలో ఒకటి కావాలో భాగాలు చెప్పవు, మనిషే చెప్పాలి. సోల్డరు లేని బోర్డు కనుక, పట్టీ వదులై కాలు తగలకపోవడమూ బొమ్మలో పడదు.

రంగుల దగ్గరా ఒక మెలిక ఉంది. 10 కిలో ఓములకూ 100 కిలో ఓములకూ తేడా మూడో పట్టీలోనే, ఒకదానికి నారింజ, ఇంకోదానికి పసుపు. పసుపు బల్బు వెలుగులో తీసిన ఫోటోలో రెండూ ఒకేలా ఉంటాయి. అప్పుడు నేను బోర్డు అంచున ప్లస్ పట్టీ పక్కన గీసిన ఎర్ర గీతను చూస్తాను. అది నిజంగా ఎరుపని తెలుసు గనుక, ఫోటోలో అది ఎంత నారింజకు తిరిగిందో చూసి మిగతా రంగులను సరిదిద్దుకోవచ్చు. ఈ ఫోటోలో గీత కొంచెం నారింజకు వాలింది, 7 దగ్గరి రెసిస్టర్ మూడో పట్టీ మాత్రం గీతకు చాలా దూరంగా, తేటగా ఉంది. అందుకే దాన్ని పసుపన్నాను.

ఆమెకు ఇలా రాశాను: "అమ్మా, బటన్ నొక్కి వదిలితే ఎల్‌ఈడీ సెకను పైచిలుకు వెలిగి ఆరిపోతోందా? అవునంటే పసుపు వైరు ఎడమ కొస తీసి, అదే పదకొండో వరుసలో కాలువకు కుడి పక్క, 7 దగ్గర గుచ్చు. బ్యాటరీ తీశాకే మార్చు. ఆరిపోవడం వేరేలా ఉంటే వైరు ముట్టుకోకు, బోర్డుకు నిట్టనిలువుగా పైనుంచి ఇంకో ఫోటో తియ్యి."

పది నిమిషాలకు జవాబొచ్చింది. "అవును సార్, సెకను వెలిగి పోతాండేది. ఇప్పుడు మార్చినాను. పదమూడు సెకన్లు వస్తాంది, పదకొండు రావల్ల కదా సార్?"

కెపాసిటర్ మీద 100 అని అచ్చు ఉన్నా, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ఇరవై శాతం వరకు అటూ ఇటూ ఉండటం మామూలే. 120 ఉంటే లెక్క 13.2 సెకన్లకు వస్తుంది. ఆ సంగతి రాసి, "ఇంతకీ ఇది దేనికమ్మా?" అని అడిగాను. టిక్కులు నీలమయ్యాయి, జవాబు ఇంకా రాలేదు.