ఊట నీరు గూడేనికి దిగే దారి

విశాఖ మన్యంలో కొండవాలున ఉన్న చిన్న గూడేల్లో తెల్లవారగానే మొదలయ్యే పని నీళ్లు తేవడం. అది ఎక్కువగా ఆడవాళ్ల మీద, ఆడపిల్లల మీద పడుతుంది. 12 ఏళ్ల పిల్ల చుట్టకుదురు, బిందె పట్టుకుని కింద ఉన్న గెడ్డకు దిగుతుంది. వేసవిలో గెడ్డ పారదు. ఇసుకలో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, గిన్నెతో తోడుకోవాలి. మైదానంలో నీళ్ల నడక దూరంతోనే పోతుంది. కొండ మీద అలా కాదు. దిగేటప్పుడు ఖాళీ బిందె, ఎక్కేటప్పుడు నిండు బిందె. 12 లీటర్లు పట్టే బిందెతో మూడుసార్లు తిరిగినా ఇంటికి చేరేది 36 లీటర్లే. అయిదుగురున్న ఇంట్లో అది తాగడానికి, వంటకు సరిపోతుంది. స్నానానికి, బట్టలకు మళ్లీ గెడ్డకే వెళ్లాలి. ఈలోగా బడి గంట కొట్టేస్తారు.

ఇలాంటి చోట బోరు వేయడం అంత తేలిక కాదు. చాలా గూడేలకు బోరు లారీ ఎక్కే దారి ఉండదు. దారి ఉన్నా, గట్టి రాతిలో పగుళ్లు తగిలితేనే నీరు పడుతుంది. అందుకే మన్యంలో జనం గ్రావిటీ పథకం అని పిలిచే పద్ధతి ఎక్కువగా పనికొస్తుంది. గూడేనికి పైన కొండలో ఎక్కడో ఒక ఊట ఉంటుంది. ఆ నీటిని గొట్టంలో కిందికి దించితే చాలు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

అసలు నిర్ణయం ఊటను కొలవడంలోనే ఉంది. వానాకాలం తర్వాత కొలిస్తే ఏ ఊటయినా ఘనంగానే కనిపిస్తుంది. కొలవాల్సింది మే నెలలో. ఉదాహరణకు 130 మంది ఉన్న గూడెం అనుకుందాం. ఊట దగ్గర 10 లీటర్ల బకెట్టు పెడితే 80 సెకన్లలో నిండింది. అంటే గంటకు 450 లీటర్లు, రోజుకు 10,800 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలంటుంది. ఆ లెక్కన ఈ గూడేనికి 7,150 లీటర్లు చాలు. ఎండాకాలంలోనూ ఊట ఆదుకుంటుంది. కానీ ఉదయం అందరూ ఒకేసారి బిందెలు పెడితే ఆ సన్నని ధార సరిపోదు. రాత్రి పది గంటల్లో ఊరే 4,500 లీటర్లు నిలవ ఉండాలి. అందుకే గూడేనికి కాస్త పైన 5,000 లీటర్ల ట్యాంకు కడతారు.

ఊట పుట్టే చోట మట్టి తీసి, రాళ్లు, గులకరాళ్లు పేర్చి, చుట్టూ చిన్న సిమెంటు తొట్టి కట్టి మూత వేస్తారు. పశువులు దిగకుండా, ఆకులు పడకుండా ఇదే కాపలా. అక్కడి నుంచి నల్ల పాలిథిన్ గొట్టం నేలలో పూడుస్తూ దించుతారు. గొట్టం వాలుగా సాగినంతసేపు ఇబ్బంది లేదు. మధ్యలో గుట్ట ఎక్కి దిగితే ఆ ఎత్తులో గాలి చేరి నీటికి అడ్డుపడుతుంది. తొట్టి నిండి పొర్లుతున్నా కింద ట్యాంకులో ధార సన్నబడిందంటే, గొట్టం ఎక్కడా కారకపోతే, గాలినే అనుమానించాలి. అందుకే అలాంటి మిట్టల మీద గాలి పోయే వాల్వు పెడతారు. లోతట్టున మట్టి పేరుకునే చోట కడిగే వాల్వు ఉండాలి.

కుళాయి తిప్పిన మొదటి రోజు ముందు గాలి బుసకొడుతుంది, తర్వాత ఎర్రమట్టి నీరు వస్తుంది. గొట్టంలో చేరిన మట్టి పోయి తేటపడేదాకా వదిలేయాలి. తెల్లవారుజామున గెడ్డకు దిగే పిల్ల ఇప్పుడు వాకిట్లోనే బిందె పెడుతుంది. నిమిషానికి 5 లీటర్లు వచ్చే కుళాయి కింద ఆ బిందె రెండున్నర నిమిషాల్లోపే నిండుతుంది. మూడు బిందెలకు ఎనిమిది నిమిషాలు కూడా పట్టవు. బడికి వేళకు వెళ్లడానికి ఆ పిల్లకు అడ్డుగా ఉన్నది ఈ పనే.

అయితే కుళాయి వచ్చాక పని అయిపోలేదు. పోడు కోసం కొండకు నిప్పు పెడితే పైకి తేలిన గొట్టం కరిగిపోతుంది. తొలకరి వానకు తొట్టి జల్లెడ ఆకులతో మూసుకుపోతుంది. వాన పడ్డ గంటల్లోనే కుళాయి నీరు బురదగా మారితే, పైనుంచి వరద నీరు తొట్టిలోకి దిగుతోందని అర్థం. దానికి ఎగువన అడ్డుకాలువ తవ్వాలి. ఊట నీరు తేటగా కనిపించినంత మాత్రాన క్రిములు లేవని చెప్పలేం. ట్యాంకును ఎప్పటికప్పుడు కడిగి క్లోరిన్ కలపాలి. వీటికి గూడెంలోనే ఒకరిని నియమించి, ఇంటింటా కొంత వేసుకుని కూలి ఇచ్చే చోట గొట్టం విరిగితే మర్నాటికి అతుకు పడుతుంది. ఎవరి బాధ్యతో తేలని చోట గొట్టం విరిగినట్టే ఉండిపోతుంది, ఆడపిల్లలు మళ్లీ గెడ్డ దారి పడతారు.