పాత సర్టిఫికెట్‌లో కొత్త పేరు

ఆగస్టు 29 దగ్గరపడుతోందంటే బడిలో తెలుగు భాషా దినోత్సవం పనులు మొదలవుతాయి. గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు వ్యాసరచన పోటీ పెట్టడం, గెలిచిన పిల్లలకు ప్రశంసాపత్రాలు ఇవ్వడం చాలా బడుల్లో ఆనవాయితీ. సర్టిఫికెట్ల బాధ్యత పడ్డ ఉపాధ్యాయుడి చేతిలో ఉండేది తరచుగా ఒకే ఒక్క బొమ్మ: నిరుడు ఎవరికో ఇచ్చిన ప్రశంసాపత్రం తాలూకు జేపీజీ ఫైలు. మీగడరంగు నేల, చుట్టూ అంచు, పైన బడి పేరు, మధ్యలో ఒక విద్యార్థిని పేరు, కింద ‘29 ఆగస్టు 2025, శుక్రవారం’. ఈ పేరు, తేదీ తీసేసి కొత్తవి పెట్టాలి. పెట్టినట్టు మాత్రం తెలియకూడదు.

ఇక్కడ చెప్పేదంతా బడి తన సొంతంగా ఇచ్చే బహుమతి పత్రాల గురించే. టీసీ, మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్ లాంటి వాటి బొమ్మల్లో ఒక్క అక్షరం మార్చినా అది నేరం. అలాంటి పని ఎవరు అడిగినా చేయకూడదు.

బొమ్మ మీద చేయి వేసే ముందు ఒక ఫోన్ చేయండి. ఆ పత్రాన్ని మొదట తయారుచేసిన డీటీపీ సెంటర్ వాళ్ల దగ్గర కోరల్‌డ్రా ఫైలో, ఫోటోషాప్ ఫైలో ఉండవచ్చు. అది దొరికితే చెరిపే పనే ఉండదు. అక్షరాలు విడిగా ఉంటాయి కాబట్టి తీసి వేరేవి పెట్టవచ్చు. అది లేకపోతే బొమ్మనైనా పెద్ద సైజులో సంపాదించండి. ఏ4 కాగితం అడ్డంగా, నాణ్యంగా అచ్చు కావాలంటే బొమ్మ 3508 పిక్సెళ్ల వెడల్పు, 2480 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది బాగా కుదించుకుపోతుంది. అదే ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపమంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఇక చెరపడం. చాలామంది చేసేది పాత పేరు మీద తెల్లటి డబ్బా గీసి, దాని మీద కొత్త పేరు రాయడం. తెర మీద కాస్త దూరం నుంచి చూస్తే బాగానే ఉంటుంది, అచ్చులో మాత్రం అతుకు బయటపడుతుంది. పత్రం నేల అచ్చమైన తెలుపు కాదు, మీగడరంగు. అది కూడా చాలా నమూనాల్లో పైన లేతగా మొదలై కిందికి వచ్చేసరికి కొంచెం ముదురుతుంది. కాబట్టి నేల రంగునే తీసుకుని డబ్బా గీసినా, దాని పై అంచు కలిసిపోతే కింది అంచు కనబడుతుంది.

రెండో ఇబ్బంది జేపీజీ పద్ధతిలోనే ఉంది. ఫైలు చిన్నదవడానికి అది బొమ్మను 8 పిక్సెళ్ల వెడల్పు, 8 పిక్సెళ్ల ఎత్తు గల గళ్లుగా విడగొట్టి, గడిలోని సూక్ష్మ వివరాల్ని కొంత వదిలేస్తుంది. నల్లటి అక్షరం, లేత నేల ఒకే గడిలో పడితే అక్షరం చుట్టూ బూడిదరంగు మరకలు మిగులుతాయి. అక్షరాన్ని సరిగ్గా దాని అంచు దాకానే చెరిపితే ఈ మరకలు అలాగే ఉండి, పాత పేరు నీడలా కనిపిస్తుంది. అందుకే అక్షరాల చుట్టూ పదిహేను పిక్సెళ్ల దాకా అదనంగా చెరపాలి.

ఈ పనికి జింప్ చాలు. అది ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. బొమ్మను తెరిచి మొదట Layer మెనూలో Duplicate Layer నొక్కండి. పనంతా ఆ నకలు పొర మీదే చేస్తే అసలు కింద భద్రంగా ఉంటుంది. తర్వాత R నొక్కి, పేరున్న వరుసలోనే అక్షరాలేమీ లేని ఖాళీ చోటును చతురస్రంగా ఎంచుకోండి. అది సాధారణంగా అంచుకూ అక్షరాలకూ మధ్య దొరుకుతుంది. దాన్ని కాపీ చేసి అతికించి, M నొక్కి, కీబోర్డులోని ఎడమ, కుడి బాణాలతో పక్కకు మాత్రమే జరిపి పేరు మీదికి తీసుకురండి. పైకీ కిందికీ జరపకూడదు. రంగు పైనుంచి కిందికి మారే నేలలో ఒకే వరుసలోని రంగు ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి, అదే వరుస ముక్క అదే వరుసలో ఇట్టే కలిసిపోతుంది. ఖాళీ చోటు చిన్నదైతే ముక్కను నాలుగైదుసార్లు పక్కపక్కనే అతికించండి. చివరికి పొరల జాబితాలో ఆ ముక్క మీద కుడి మీట నొక్కితే Merge Down అక్కడే ఉంటుంది. దాంతో ముక్క నకలు పొరలో కలిసిపోతుంది.

నేలలో కాగితపు నూగో, అలల గీతలో ఉంటే ముక్కల అతుకులు కనబడతాయి. అప్పుడు C నొక్కితే వచ్చే Clone పనిముట్టు కావాలి. కంట్రోల్ మీట పట్టుకుని శుభ్రంగా ఉన్న చోట ఒకసారి నొక్కితే అక్కడి నేలను అది గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అతుకు మీద మెత్తటి అంచున్న కుంచెతో పూస్తూ పోవాలి. H నొక్కితే వచ్చే Heal కూడా ఇలాగే పనిచేస్తుంది కానీ, అది తెచ్చిన నేలను చుట్టుపక్కల రంగుతో కలిపేస్తుంది. పక్కన నల్ల అక్షరం కానీ ముదురు అంచు కానీ ఉంటే ఆ నలుపును కూడా లాక్కొచ్చి మసకమరక చేస్తుంది. అందుకని ముందు Clone తో సిరా అంతా పోగొట్టాలి. చుట్టూ నలుపు లేదని తేలాకే అతుకుల మీద Heal వాడాలి.

పేరు కింద చుక్కల గీత ఉంటే పేరుతోపాటు దాన్ని కూడా తీసేయమంటాను. చేత్తో నింపేటప్పుడు గీత కావాలి. అచ్చులో పేరు రాసేటప్పుడు దాని అవసరం లేదు. పైగా తెలుగు పేర్లలో ఒత్తులు కిందికి దిగుతాయి. ‘కృష్ణ’లోని ణ ఒత్తు, ‘లక్ష్మి’లోని మ ఒత్తు చుక్కల మీద పడి చదవడానికి చిరాకు పెడతాయి.

అసలు ఎంత చెరపాలి? నా సలహా, పేరొక్కటే కాదు, పేరున్న వాక్యమంతా చెరపండి. తేదీలో 5 ఒక్కటి తీసి 6 పెట్టవద్దు, తేదీ మొత్తం చెరపండి. పాత అక్షరాలు జేపీజీలో పడి అంచులు మెత్తబడి ఉంటాయి, కొత్తవి పదునుగా ఉంటాయి. రెండూ ఒకే వరుసలో పక్కపక్కన ఉంటే తేడా ఎవరికైనా తెలుస్తుంది. పాత అక్షరాలు బహుశా అనూ ఫాంట్‌లో టైపు చేసినవై ఉంటాయి. మీరు ఇప్పుడు వాడే యూనికోడ్ ఫాంట్‌లో అదే రూపం దొరకడం కష్టం. ఆ పోలిక కోసం గంటలు వెచ్చించే బదులు వాక్యమంతా కొత్త ఫాంట్‌లో రాస్తే పోల్చాల్సిన పనే ఉండదు. అంచు, బడి పేరు, ‘ప్రశంసాపత్రం’ అనే శీర్షిక మాత్రం పాతవే ఉంచండి. వాటి అక్షరాలు పెద్దవి, వేరే రూపంలో ఉన్నా నప్పుతాయి.

తేదీ మొత్తం చెరపమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2025లో ఆగస్టు 29 శుక్రవారం. 2026లో శనివారం. అంకె ఒక్కటే మార్చినవాళ్ల పత్రంలో వారం తప్పుగానే మిగిలిపోతుంది.

హెడ్‌మాస్టారి సంతకం, బడి ముద్ర బొమ్మలో ఉంటే అవి కూడా చెరిపేయండి. సంతకం ప్రతి పత్రం మీదా కలంతోనే పడాలి. సంతకంతో ఉన్న ఖాళీ నమూనా నలుగురి ఫోన్లలో తిరగడం మంచిది కాదు.

చెరిపాక పరీక్ష చేయాలి. కంటికి కనబడని మచ్చల్ని అచ్చు బయటపెడుతుంది కాబట్టి ముందే పట్టుకోవాలి. Colors మెనూలో Levels తెరిచి, Input Levels కింద ఎడమ వైపున్న నల్ల త్రికోణాన్ని 200 దాకా కుడికి జరపండి. లేత రంగుల మధ్య ఉన్న చిన్న తేడాలు ఒక్కసారిగా పెద్దవై, పాత పేరు నీడా ముక్కల అతుకులూ స్పష్టంగా తేలతాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకుని Cancel నొక్కి, వాటిని సరిచేయండి. నీడలేవీ తేలని దాకా ఇలా చూస్తూ పోవాలి. ఆ తర్వాత File మెనూలో Export As తో పీఎన్‌జీగా దాచండి. పీఎన్‌జీలో వివరాలు పోవు. మళ్లీ జేపీజీగా దాస్తే ప్రతిసారీ కొత్త మరకలు చేరతాయి. ఈ ఖాళీ పత్రమే ఇక ఏటా మీకు మూలం.

ముగ్గురు విజేతలే అయితే జింప్‌లోనే T నొక్కి పేర్లు రాసేయవచ్చు. పాల్గొన్న నలభై మందికీ ఇవ్వాలంటే వర్డ్‌లోని మెయిల్ మెర్జ్ మేలు. పేజీని ఏ4 అడ్డంగా పెట్టి, ముందుగా File, Options, Advanced లోకి వెళ్లి Do not compress images in file మీద టిక్ పెట్టండి. లేకపోతే మీరు కష్టపడి శుభ్రం చేసిన బొమ్మను వర్డ్ దాచేటప్పుడు కుదించేస్తుంది. బొమ్మను పేజీలో పెట్టి Behind Text ఎంచుకుని, దాని మీద వాక్యం టైపు చేయండి. ఎక్సెల్‌లో పేరు, తరగతి అని రెండు నిలువు వరుసలతో జాబితా చేసి, Mailings లో Select Recipients ద్వారా దాన్ని కలిపి, వాక్యంలో పేరు రావాల్సిన చోట Insert Merge Field తో పేరును చొప్పించండి. Finish & Merge లో Edit Individual Documents నొక్కితే నలభై పేజీలూ ఒకే ఫైలులో వస్తాయి.

తేదీని ఎక్సెల్ నుంచి తేవద్దు. అక్కడి తేదీ వర్డ్‌లోకి 8/29/2026 అంటూ నెల ముందు, రోజు తర్వాత వచ్చే అవకాశం ఉంది. అందరికీ తేదీ ఒక్కటే కాబట్టి వాక్యంలోనే టైపు చేయండి. పేర్లను పిల్లల్ని అడిగి కాక, అడ్మిషన్ రిజిస్టర్‌లో చూసి ఇంటిపేరుతో సహా రాయండి. అనూలో టైపు చేసిన జాబితా ఎవరైనా ఇస్తే అది ఎక్సెల్‌లో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల్లా కనబడుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.

ఫాంట్ ఎంచుకునేటప్పుడు ‘జ్యోత్స్న’ అని రాసి చూడండి. త కింద స, న రెండు ఒత్తులూ విడిపోకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటే ఆ ఫాంట్ ఏ పేరుకైనా పనికొస్తుంది. మండలి, సురన్న, నోటో సెరిఫ్ తెలుగు ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు. జాబితాలోని అన్నిటికంటే పొడవైన పేరును కూడా పెట్టి చూడండి. అది రెండో వరుసలోకి జారితే అందరి పేర్ల సైజూ తగ్గించాలి. ఒక్క పిల్లవాడి పేరు మాత్రం చిన్నగా ఉండకూడదు.

అచ్చు తీసేటప్పుడు ముందు మామూలు కాగితం మీద ఒకటి తీయండి. చాలా ప్రింటర్లు కాగితం చివరిదాకా అచ్చు వేయలేవు. బొమ్మలోని అంచు కాగితం చివరను తాకుతూ ఉంటే ఒక పక్క తెగిపోతుంది. అలా తెగితే వర్డ్‌లో బొమ్మను నాలుగు వైపులా సమానంగా కొంచెం తగ్గించి, వాక్యాన్ని దానికి తగ్గట్టు సర్ది, ఆ తర్వాతే మందపాటి కాగితం పెట్టండి.