ఐసులో హైడ్రోజన్ ఎక్కడుంది?

ఐసులో ఆక్సిజన్ పరమాణువులు ఏ వరుసలో ఉంటాయో ఎక్స్-రేలు 1920లలోనే చూపించాయి. హైడ్రోజన్ దగ్గరికొచ్చేసరికి తడబడ్డాయి. ఎక్స్-రే కిరణాన్ని చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. ఆక్సిజన్‌కు అవి ఎనిమిది, హైడ్రోజన్‌కు ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ ఆక్సిజన్ తనవైపు లాక్కుంటుంది. అందుకే దాదాపు 0.97 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండాల్సిన O–H బంధం ఎక్స్-రే కొలతలో తరచూ 0.85 దగ్గరే తేలుతుంది. అక్కడ కనబడింది ఎలక్ట్రాన్ మబ్బు. కేంద్రకం ఇంకాస్త అవతల ఉంది.

న్యూట్రాన్‌కు ఆవేశం లేదు. మబ్బును దాటి వెళ్లి కేంద్రకం వల్లే చెదురుతుంది. ఆ చెదరడానికీ ఎలక్ట్రాన్ల సంఖ్యకూ సంబంధం లేదు కాబట్టి తేలికపాటి పరమాణువు బరువైనదాని పక్కన మరుగున పడదు.

1949లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్ దగ్గర వోలన్, డేవిడ్సన్, షల్ ఐసు పొడిని పరీక్షించారు. అయితే మామూలు ఐసు కాదు, భారజలంతో చేసినది. మామూలు హైడ్రోజన్ న్యూట్రాన్లను నలుదిక్కులా విసిరేసి, ఆ రొదలో అసలు సంకేతాన్ని ముంచేస్తుంది. డ్యుటీరియంతో ఆ బెడద చాలా తక్కువ. పైగా అది ఆక్సిజన్‌తో సమానంగా, ఇంకా కాస్త ఎక్కువగానే కనబడుతుంది. రెండు ఆక్సిజన్ల మధ్య హైడ్రోజన్‌కు రెండు చోట్లున్నాయనీ, సగటున ఒక్కో చోటు సగమే నిండి ఉంటుందనీ తేలింది. 1935లో పౌలింగ్ ఊహించింది ఇదే.

అదే ఏడాది అక్కడే షల్, స్మార్ట్ మాంగనీస్ ఆక్సైడ్ పొడి మీద న్యూట్రాన్లను ప్రయోగించారు. న్యూట్రాన్ తానే ఒక బుల్లి అయస్కాంతం. మాంగనీస్ పరమాణువు అయస్కాంతత్వం దాన్ని గట్టిగానే చెదరగొడుతుంది. ఎక్స్-రేల మీద ఆ ప్రభావం ఎంత స్వల్పమంటే, ప్రయోగశాల యంత్రానికి అది దాదాపు అందదు.

పొడిని సుమారు 80 కెల్విన్లకు చల్లబరిస్తే, ఎక్స్-రే పటంలో ఏమీ లేని చిన్న కోణం దగ్గర కొత్త శిఖరం లేచింది. కోణం చిన్నదైతే అమరిక తిరిగి మొదలయ్యే దూరం పెద్దదని అర్థం. లెక్క కడితే అది మామూలు స్ఫటిక గడికి సరిగ్గా రెట్టింపు. అంటే ఒక పొరలోని మాంగనీస్ అయస్కాంతాలన్నీ ఒకవైపు చూస్తే, పక్క పొరవి ఎదురువైపు చూస్తున్నాయి. నీల్ ముందే ఊహించిన ప్రతిఫెర్రో అయస్కాంతత్వానికి ఇది ప్రత్యక్ష సాక్ష్యం.

ఆ శిఖరం మలినం వల్ల వచ్చింది కాదని ఎలా తెలుస్తుంది? పొడిని వేడిచేసి చూడాలి. మలినమైతే గది వేడిమిలోనూ శిఖరం నిలుస్తుంది. ఇది సుమారు 120 కెల్విన్లు దాటగానే పడిపోయింది.

ఇంతా చేసి, న్యూట్రాన్ పుంజం బలహీనం. ఆవగింజలో ఆవంత స్ఫటికం ఎక్స్-రేకు చాలు. దీనికి చాలాసార్లు గ్రాముల కొద్దీ పొడి, పక్కన రియాక్టరో యాక్సిలరేటరో కావాలి. మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ అలాంటిదే. అందుకే పరిశోధకులు ముందు ఎక్స్-రేతో చట్రాన్ని తేల్చుకుని, అది చెప్పలేని ప్రశ్నలతోనే అక్కడికి వెళ్తారు.