ప్రశ్నార్థకం రాలిపోకూడదు

ఓపీలో హడావిడిగా రాసిన కేసు నోటుకు వరస ఉండదు. రోగి చెప్పిందీ, డాక్టరు చూసిందీ, అనుమానమూ, మందూ కలగలిసి ఉంటాయి. అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన ‘సోప్’ పద్ధతిలో వీటిని నాలుగుగా విడదీస్తారు. సబ్జెక్టివ్ అంటే రోగి చెప్పింది, ఆబ్జెక్టివ్ అంటే పరీక్షలో కనబడింది, అసెస్‌మెంట్ డాక్టరు అభిప్రాయం, ప్లాన్ ఇక చేయాల్సింది. విడదీయడం తేలికే. ఏదీ జారిపోకుండా, కొత్తది చేరకుండా చూడటమే కష్టం.

ఊహకు ఒక నోటు తీసుకుందాం: ‘58 ఏళ్ల స్త్రీ. 5 రోజులుగా దగ్గు, జ్వరం. ఇంట్లో 101 ఉందట, ఇక్కడ 99.4. ఛాతీనొప్పి లేదు. షుగర్ 8 ఏళ్లుగా, 2 వారాలుగా మెట్‌ఫార్మిన్ వేసుకోలేదు. బీపీ 150/90. కుడి ఊపిరితిత్తి కింద క్రెపిటేషన్స్. న్యుమోనియా? పెన్సిలిన్ పడదు, దద్దుర్లు. ఎక్స్‌రే. యాంటీబయాటిక్ 5 రోజులు. 3 రోజులకు రావాలి.’

జ్వరం దగ్గరే మొదటి చిక్కు. 101 అంకె కదా అని ఆబ్జెక్టివ్‌లో వేస్తే తప్పే. అది ఆమె చెప్పిన మాట కాబట్టి సబ్జెక్టివ్‌లోకి వెళ్తుంది. ఇక్కడ కొలిచిన 99.4 మాత్రమే ఆబ్జెక్టివ్. ‘ఛాతీనొప్పి లేదు’ అన్నది కూడా సమాచారమే, దాన్ని వదలకూడదు. అలాగని నోటులో ఆయాసం ప్రస్తావన లేదు కనక ‘ఆయాసం లేదు’ అని రాయకూడదు. డాక్టరు అసలు అడిగారో లేదో మనకు తెలియదు.

అసెస్‌మెంట్‌లో ‘న్యుమోనియా?’ అని ప్రశ్నార్థకంతో సహా దించాలి. ఆ గుర్తు పోతే అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోతుంది, తర్వాత చూసే డాక్టరు అలాగే చదువుకుంటారు. బీపీ అంకె చూసి ‘రక్తపోటు వ్యాధి’ అని చేర్చాలని చెయ్యి లాగుతుంది. నోటు రాసిన డాక్టరు ఆ మాట అనలేదు, పైగా ఉన్నది ఒక్క రీడింగే. మాత్రలు ఆపేసింది కదా అని ‘షుగర్ అదుపులో లేదు’ అనడమూ అంతే, ఇక్కడ షుగర్ పరీక్ష ఫలితమే లేదు.

పెన్సిలిన్ మాట న్యుమోనియాకూ ఎక్స్‌రేకూ మధ్య ఇరుక్కుంది. చూసినవాళ్లు దాన్ని ప్లాన్‌లోకి తోసేసే ప్రమాదం ఉంది. అది పాత చరిత్ర కాబట్టి సబ్జెక్టివ్‌లో, దద్దుర్లతో కలిపే ఉండాలి. ఎలర్జీలకు పైన వేరే వరస ఉన్న ఆసుపత్రుల్లో అక్కడ కూడా రాస్తారు.

సరిచూసుకోవడానికి పాత నోటులోని ప్రతి విషయానికీ అంకె వేసి, కొత్తదాంట్లో దొరికినప్పుడల్లా కొట్టేయాలి. ఆ తర్వాత తిరగేసి, కొత్త నోటులోని ప్రతి వాక్యం పాతదాంట్లో ఎక్కడ ఉందో చూపించగలగాలి. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు. చేర్పులు బయటపడేది రెండోదానిలోనే.

పై నోటులో యాంటీబయాటిక్ పేరూ లేదు, మోతాదూ లేదు. పెన్సిలిన్ పడని మనిషికి సాధారణంగా ఇచ్చేది ఇదే కదా అని ఒక పేరు రాసేయడం తిరగరాసేవారి పని కాదు. ప్లాన్‌లో ‘యాంటీబయాటిక్ 5 రోజులు (పేరు, మోతాదు నోటులో లేవు)’ అని ఉంచి, నోటు రాసిన డాక్టరునే అడగాలి.