మీటింగ్‌లో సందు దొరకని ఇంజినీరు

డాలస్ దగ్గర ఒక కంపెనీలో కొత్తగా చేరిన తెలుగు ఇంజినీరును ఊహించుకుందాం. గుంటూరు వైపు కుర్రాడు, బిడియస్తుడు. కోడ్ శుభ్రంగా రాస్తాడు, ఈమెయిల్లో తప్పు దొర్లదు. రోజూ పొద్దున జరిగే పావుగంట స్టాండప్ మీటింగే అతనికి గండం. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చేసరికి ఇంకెవరో అందుకుంటారు. తనకు ఇంగ్లిష్ రాదనుకుని గ్రామర్ పుస్తకం కొంటాడు. ఆ డబ్బు దండగే.

చిక్కు ఉన్నది వ్యవధిలో. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టేది సగటున సెకనులో ఐదో వంతు. ఒక్క మాటను మనసులో వెతికి పలకడానికే అరసెకను పైగా కావాలి. అంటే అవతలివాళ్లు ముగించకముందే మనం జవాబు కూర్చుకుంటూ ఉంటాం. తెలుగులో ఇది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఇంగ్లిష్‌లో మన ఇంజినీరు విని, తెలుగులో అనుకుని, దాన్ని మార్చుకునేసరికి సందు మూసుకుపోతుంది.

దీనికి తోడు మనం కారణాలన్నీ చెప్పి అసలు సంగతి చివర్లో చెబుతాం. "నిన్న టెస్ట్ డేటా మారింది కదా, దానివల్ల పాత ఖాతాలతో లాగిన్ కావట్లేదు" అంటాం. అక్కడి టీమ్‌లో చాలామంది లాగిన్ సంగతే ముందు వినాలనుకుంటారు. అది వచ్చేలోపు చెవి పక్కకు పోతుంది.

అతను చేసిన పని చిన్నదే. మీటింగ్‌కు ముందు రెండు వాక్యాలు రాసుకున్నాడు, మొదటి దానిలోనే ఫలితం. వీలైనప్పుడల్లా తనే ముందు మాట్లాడాడు. మొదటివాడికి సందు వెతుక్కునే పని లేదు. మధ్యలో కల్పించుకోవాల్సి వస్తే "వన్ థింగ్ ఆన్ లాగిన్" అని అందుకునేవాడు. ఆ నాలుగు మాటలు నోటికి వచ్చినవే కాబట్టి, అవి పలుకుతుండగానే మిగతాది కూర్చుకోవచ్చు.

ఉచ్చారణ దగ్గర మాత్రం ఇది చాలదు. 'కాంపొనెంట్' అని మనం మొదటి అక్షరం మీద ఊనిక వేస్తాం, వాళ్లు 'పో' మీద వేస్తారు. "సారీ?" అని అడిగితే అదే మాట గట్టిగా అనడం వల్ల లాభం లేదు. ఊనిక మార్చాలి, లేదా "లాగిన్ స్క్రీన్" అని వస్తువు పేరే చెప్పాలి.

వీడియో కాల్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇబ్బంది మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ చెయ్యెత్తే బటన్ నొక్కడానికి మొహమాటపడకూడదు. కొన్ని నెలలకు అతను రాసుకోవడం మానేశాడు. ఒక కోడ్ రివ్యూలో సీనియర్‌తో "ఐ డిసగ్రీ" అని, ఎందుకో కూడా వివరించాడు. యాస మారలేదు, మారాల్సిన అవసరమూ రాలేదు.

టీమ్ నడిపే స్థానాల్లో ఇప్పుడు మన తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రశ్న అడిగాక మనసులో మూడంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాతే మీ జవాబు మొదలుపెట్టండి.