ఆ ఒక్క గోడకే కొత్త రంగెందుకు?

పాత ఫ్లాట్ చూడటానికి వెళ్తే బాత్రూమ్ కన్నా ముందు దాని గోడకు అవతలి పడగ్గది చూడండి. అల్మారా తీసి, నేలకు జానెడు ఎత్తున గోడను తడమండి. రంగు పెచ్చులూడుతున్నా, ఉప్పులాంటి తెల్లటి పొడి చేతికంటినా గోడలో తడి ఉన్నట్టే. నీరు ఇటుకలోని, సిమెంటులోని లవణాలను బయటికి మోసుకొచ్చి, తాను ఆరిపోతూ వాటిని అక్కడ వదిలేస్తుంది. ఇల్లంతా పాత రంగుండి ఆ ఒక్క గోడే కొత్తగా మెరుస్తుంటే ఎందుకని అడగాల్సిందే.

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల నాటి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, అందులో నాలుగో అంతస్తు ఫ్లాట్ అనుకుందాం. మన బాత్రూమ్ పైకప్పు మీద మరకలుంటే లీకు ఐదో అంతస్తుది. మన నేల సంగతి మాత్రం మన ఇంట్లో తెలియదు. మూడో అంతస్తుకు దిగి, ‘‘అమ్మా, పైన ఫ్లాట్ కొందామనుకుంటున్నాం. మీ బాత్రూమ్ స్లాబు ఒకసారి చూడొచ్చా?’’ అని అడగండి. మొహమాటపడొద్దు. అక్కడ పైపు చుట్టూ గోధుమరంగు మరకలుంటే మన నేలలోంచి నీరు దిగుతున్నట్టు. పైపైన పూతలు పూస్తే అది ఆగదు. సాధారణంగా టైల్స్ పగలగొట్టి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాల్సి వస్తుంది. ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోవాలి.

తర్వాత షవర్ తిప్పి, వంటింటి కుళాయి కూడా విప్పి, ఫ్లష్ నొక్కండి. ధార బాగా సన్నబడితే కారణం వెతకాలి. ట్యాంకు నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి సుమారు ఒక కేజీ. ఐదో అంతస్తులో షవర్‌కూ ట్యాంకుకూ మధ్య మూడు మీటర్లే ఉంటే ధార బలహీనంగానే ఉంటుంది, పంపు పెట్టుకోక తప్పదు. నాలుగో అంతస్తులో అంత సన్నగా వస్తే కుళాయి మూతి దగ్గరి జాలీ విప్పి చూడండి. ధార పెరిగితే బోరు నీటి సున్నం పేరుకుందంతే. పెరగకపోగా మొదటి నీళ్లు ఎర్రగా వస్తే ఇనుప పైపులు లోపల తుప్పుతో పూడుకుపోయి ఉండొచ్చు.

2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్నీ ఏసీనీ కలిపి ఇరవై నిమిషాలు నడపండి. పొడి చేతి వెనకవైపుతో స్విచ్‌బోర్డు ప్లాస్టిక్ పలకను తాకండి. వేడిగా ఉన్నా, ప్లగ్ చుట్టూ నల్లబడినా, సన్నని వైరో వదులైన కనెక్షనో ఉంది. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు ఠక్కున పోవాలి. పోకపోతే, అసలు ఆ పరికరమే లేకపోతే, షాక్ నుంచి రక్షణ లేదు. ఎర్తింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చూపించండి.

చప్పుడు సంగతి ఆదివారం మధ్యాహ్నం వెళ్తే తెలియదు. దగ్గర్లో ఫంక్షన్ హాలుంటే పెళ్లి ముహూర్తమున్న రాత్రి వెళ్లండి. రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నా, జనరేటర్లూ, బండ్ల హారన్లూ ఉండనే ఉంటాయి. సంపు మోటారు ఎన్నింటికి వేస్తారో వాచ్‌మన్‌ని అడిగి, ఆ వేళకు పడగ్గదిలో తలుపులు మూసుకుని నిలబడండి.